ఇప్పపువ్వు లడ్డు, మూతపడిన ఖాతా, ఒక అర్జీ

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం)

సంచికకు ఏదైనా సైన్సు వ్యాసం రాయమని సంపాదక మిత్రులు అడిగారు. పరమాణువు గురించో, గ్రహణాల గురించో రాయవచ్చు. కాని ఈ యేడు హాస్టల్లో నా గది తలుపు తట్టినవాళ్లలో ఎక్కువమంది అడిగింది వాటి సంగతి కాదు. "మా అన్న దుకాణం ప్రకటనల ఖాతా ఆపేశారు, ఆ ఉత్తరం ఏదో నువ్వు బాగా రాస్తావట గదా" అని అడిగారు. నేను బాగా రాస్తానన్నది నిజం కాదు. ఒకసారి తప్పుగా రాసి, తర్వాత సరిగా రాయడం నేర్చుకున్నాను, అంతే. ఆ నేర్చుకున్నదేమిటో ఇక్కడ పెడుతున్నాను. అందరికీ విడివిడిగా చెప్పే శ్రమ తప్పుతుంది.

మాది ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉన్న ఊరు. మేం మిర్చి, పత్తి వేసేవాళ్లం. పొలం గట్టు దాటితే ఇప్పచెట్లు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే కోయవాళ్లు చెట్టు కింద ఊడ్చి, రాలిన పువ్వు ఏరుకుంటారు. ఎండబెడితే అది ముడుచుకుని ఎండుద్రాక్షలాగా అవుతుంది. మా పిన్ని, మరో నలుగురు ఆడవాళ్లు కలిసి (అందులో ఇద్దరు కోయ గూడెం వాళ్లే) ఆ పువ్వును శుభ్రం చేసి, వేయించి, నువ్వులు, పల్లీలు, బెల్లం కలిపి లడ్డు చేస్తారు. ఊళ్లో ఎవరూ కొనరు, ఎవరింట్లో వాళ్లకు ఉంటుంది. కొనేవాళ్లు హైదరాబాదులో, విజయవాడలో ఉన్నారు. వాళ్లకు తెలియాలంటే ప్రకటన ఉండాలి. పిన్ని కొడుకు, నా తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు. వాడు ఫోనులో ఒక పెద్ద సామాజిక వేదిక మీద రోజుకు నూరు రూపాయల ప్రకటన నడిపేవాడు. ఆ వేదిక పేరు ఇక్కడ అనవసరం.

2024 ఏప్రిల్లో పిన్ని వాళ్లు నలభై కిలోల ఎండుపువ్వు అరువుమీద తీసుకున్నారు. వానలు పడేలోపల లడ్డు చేసి అమ్మి, గూడెం వాళ్లకు డబ్బు కట్టాలి. వాన గాలి తగిలితే ఎండుపువ్వు చెమ్మ పీల్చుకుంటుంది, బూజు పడుతుంది, పురుగు చేరుతుంది. మే నెల మొదట్లో ఆ ఖాతా మూతపడింది. తెరమీద కనిపించిన కారణం: మద్యం అమ్మకానికి ప్రకటన ఇచ్చారు.

ఏది ఆగింది?

సెమిస్టరు పరీక్షలు అయిపోయి నేను ఇంటికి చేరేసరికి పిన్ని మొహం వాడిపోయి ఉంది. "ఏందిరా నాయనా, మేం సారా అమ్ముతున్నామట! ఈ వయసులో ఈ మాట కూడా పడాల్నా?" అంది. తమ్ముడు నేలచూపులు చూస్తున్నాడు. అప్పటికే వాడు ఒక అర్జీ పంపాడు, మరునాడే తిరస్కరించారు. ఇక కొత్త ఖాతా తెరవబోతున్నాడు.

నేను మొదట చేసిన పని వాడి చెయ్యి ఆపడం. ఒక ఖాతాను ఆపినప్పుడు మరో పేరుతో ఇంకో ఖాతా తెరిస్తే, పెద్ద వేదికలు దాన్ని నిషేధం తప్పించుకునే ప్రయత్నంగా లెక్కవేస్తాయి. మొదటి నేరం చెయ్యకపోయినా ఈ రెండోది మాత్రం నిజంగా చేసినట్టవుతుంది. ఆ తర్వాత మన అర్జీలో ఎంత న్యాయం ఉన్నా వాదించడానికి తావుండదు.

రెండో పని, అసలు ఆగిందేమిటో తేల్చుకోవడం. చాలామంది "అకౌంటు పోయింది" అనే ఒక్క మాటతో ఊరుకుంటారు. దీన్ని మన ఖమ్మం మిర్చి యార్డుతో పోల్చి చూడండి. ఒక రైతు బస్తాను తేమ ఎక్కువుందని పక్కన పెట్టారనుకోండి, అది ఒక బస్తా సంగతి. వ్యాపారి దుకాణాన్నే మూయించారనుకోండి, అందులోని బస్తాలన్నీ ఆగిపోతాయి. ఆ మనిషినే యార్డు గేటు దాటనివ్వకపోతే, ఏ దుకాణం నుంచీ అతడు అమ్మలేడు. ప్రకటనల్లోనూ ఇట్లాంటి అంచెలే ఉన్నాయి. ఒక ప్రకటనను తిరస్కరించడం ఒకటి, ప్రకటనల ఖాతాను ఆపడం ఒకటి, ఆ ఖాతా నడిపే మనిషి సొంత ప్రొఫైలుకు ప్రకటనలు ఇచ్చే హక్కును తీసేయడం మరొకటి. ఈ మూడింటికీ మొర పెట్టుకునే చోట్లు వేరు. బస్తా సంగతి గేటు దగ్గర చెబితే ఎవరు వింటారు?

ఎలా తెలుసుకోవాలంటే, ఆ వేదికలోనే ఖాతాల స్థితి చూపే పేజీ ఒకటి ఉంటుంది. అందులో ఏ పేరు పక్కన ఎర్ర గుర్తు ఉందో చూడాలి. మా తమ్ముడి ప్రొఫైలు బాగానే ఉంది, దుకాణం పేజీ బాగానే ఉంది, ప్రకటనల ఖాతా ఒక్కటే ఆగింది. దాని పక్కన పొడుగాటి అంకెల సంఖ్య ఉంది. అర్జీలో రాయవలసింది దుకాణం పేరు కాదు, ఆ సంఖ్య. ఒకే పేరుతో దేశంలో పది దుకాణాలు ఉండవచ్చును గాని ఆ సంఖ్య ఒక్కదానికే ఉంటుంది. ఆ పేజీని, వచ్చిన నోటీసులను ఫోటో తీసి దాచుకోవాలి. స్థితి మారినప్పుడల్లా తెరమీది మాటలు కూడా మారిపోతాయి. నిన్న చూసిన కారణం రేపు కనపడకపోవచ్చు.

మన వైపు ఏం జరిగింది?

మూడో పని కష్టమైనది. తప్పు జరిగిందని మనం నమ్ముతున్నప్పుడు కూడా, ఆ తప్పుకు మన వైపునుంచి దారి ఎక్కడ దొరికిందో వెతకాలి. ఒక నోటుబుక్కు పేజీలో మూడు గీతలు గీసి, తేదీ, చేసిన పని, వచ్చిన జవాబు అని రాసుకుంటూ తమ్ముణ్ణి అడిగాను. వాడు మొదట దాచాడు గాని తర్వాత అంతా చెప్పాడు.

మే 6న కొత్త ప్రకటన పెట్టాడు. హైదరాబాదు వాళ్లకు అర్థం కావాలని ఇప్పపువ్వుకు హిందీలో ఉన్న "మహువా" అనే పేరు వాడాడు. కింద "మత్తెక్కించే అడవి రుచి" అని రాశాడు. బొమ్మలో లడ్డుల పక్కన, అందం కోసమని, గోధుమరంగు గాజు సీసాలో పోసిన తేనె పెట్టాడు. ఇప్పుడు ఆ బొమ్మను మన ఊరు తెలియని కళ్లతో చూడండి. మహువా అనగానే బయటివాళ్లకు ముందు తోచేది సారా. మత్తు అనే మాట ఉండనే ఉంది. పక్కన సీసా! ప్రకటనలను మొదట చూసేది మనిషి కాదు, మాటలనూ బొమ్మలనూ పోల్చి చూసే యంత్రం. ఈ మూడూ ఒకచోట చేరితే అది మద్యం అనుకోవడంలో వింత లేదు. అనుకోవడం తప్పే, కాని కారణం లేని తప్పు కాదు.

అంతటితో ఆగి ఉంటే ఒక ప్రకటనే పోయేది. తిరస్కరించిన ప్రకటన కిందనే పునఃపరిశీలన కోరే బటను ఉంటుంది. వాడు దాన్ని నొక్కలేదు. సీసాను కొంచెం కత్తిరించి మళ్లీ పెట్టాడు. అదీ పోయింది. రంగు మార్చి మళ్లీ పెట్టాడు. రెండు రోజుల్లో అదే ప్రకటనను నాలుగుసార్లు తిరగేసి పెట్టాడు. "మత్తు" అనే మాట మాత్రం నాలుగింటిలోనూ ఉంది! మనకు అది పట్టుదల. అవతలి లెక్కలో అది నిషిద్ధమైన సరుకును వేషం మార్చి దూర్చే ప్రయత్నం. మే 8న ఖాతా మొత్తం ఆగింది. అంటే ఖాతా ఆగడానికి లడ్డు కన్నా ఈ నాలుగుసార్లు పెట్టడమే ఎక్కువ కారణమని నా ఊహ. ఒక తిరస్కరణ ఖాతాను మూయించడం అరుదు, వరసగా వచ్చే తిరస్కరణలే మూయిస్తాయి. అంచేత మిత్రులు గుర్తుంచుకోవలసిన మొదటి సంగతి ఇది: ఒక ప్రకటన పోతే దాన్ని కొంచెం కొంచెం మార్చి మళ్లీ పెట్టకండి. కారణం తెలిస్తే పూర్తిగా మార్చి కొత్తది రాయండి, తెలియకపోతే పునఃపరిశీలన అడిగి జవాబు వచ్చేదాకా ఆగండి.

మొదటి అర్జీ ఎందుకు పోయింది?

తమ్ముడు మే 9న పంపిన అర్జీ సారాంశం ఇది: "అయ్యా, మేము చాలా పేదవాళ్లం. ఐదుగురు ఆడవాళ్ల బతుకు దీనిమీదే ఉంది. మీ సంస్థ మాకు అన్యాయం చేసింది. దయచేసి మా ఖాతా ఇప్పించండి. ఇకముందు ఇలా చేయము, క్షమించండి."

ఇందులో ఒక్క అబద్ధం లేదు. అయినా పనికొచ్చే మాట కూడా ఒక్కటి లేదు. ఏ ఖాతా, ఏ ప్రకటన, ఏ తేదీ, ఏ నిబంధన అన్నది లేదు. అర్జీ చూసే ఉద్యోగికి మన పేదరికాన్ని పరీక్షించే పని లేదు. అతని ముందున్న ప్రశ్న ఒక్కటే: ఈ ప్రకటన మద్యానిదా, కాదా? దానికి ఈ ఉత్తరంలో జవాబు లేదు.

అంతకన్నా ప్రమాదం చివరి వాక్యంలో ఉంది. "ఇకముందు ఇలా చేయము" అంటే ఇదివరకు చేశామని ఒప్పుకున్నట్టే గదా! మన వాళ్లకు పెద్దవాళ్ల ముందు ముందుగా క్షమాపణ చెప్పడం అలవాటు. తహసీల్దారు ముందు అది మర్యాద అవుతుంది. ఇక్కడ అది నేరాంగీకారం అవుతుంది. మద్యం అమ్మామన్న ఆరోపణకు క్షమాపణ చెబితే, అవతలివాడు సంతకం పెట్టి మూసేయడం తప్ప ఇంకేం చేస్తాడు?

కాబట్టి రెండో అర్జీ రాసేటప్పుడు నేను ఒక నియమం పెట్టుకున్నాను. చేసిన పనిని ఒప్పుకోవాలి, చెయ్యని పనిని ఖండించాలి, రెండూ వేరువేరు వాక్యాల్లో ఉండాలి. మద్యం అమ్మలేదు, అది ఖండన. నాలుగుసార్లు పెట్టాం, అది ఒప్పుకోలు. రెండోదాన్ని దాచిపెడితే లాభం లేదు. మనకన్నా ముందే వాళ్ల రికార్డులో ఉంది. వాళ్ల రికార్డులో ఉన్నదాన్ని మనమే చెబితే మిగతా మాటలను నమ్మడానికి కొంత ఆధారం దొరుకుతుంది.

లడ్డులో సారా ఉందా?

ఈ ప్రశ్నకు నేను పెద్ద ప్రయోగం చేద్దామనుకున్నాను. లడ్డు తెచ్చి మా ల్యాబులో ఆల్కహాల్ పరీక్ష చేసి ఆ ఫలితం జతచేస్తే ఎట్లా ఉంటుందని మా కెమిస్ట్రీ లెక్చరర్ గారికి ఫోను చేశాను. ఆయన నవ్వి, "బాబూ, నువ్వు చేసిన పరీక్షను నేనే నమ్మను, వాళ్లెలా నమ్ముతారు? వాళ్లకు కావలసింది డబ్బామీద లేబులు. ముందు అది ఉందా?" అన్నారు. సిగ్గుపడ్డాను గాని మాట నిజమే.

ఆయన చెప్పిన మీదట సైన్సును రెండు వాక్యాలకు కుదించాను. ఇప్పపువ్వులో ఉన్నది చక్కెర. ఆ చక్కెర ఆల్కహాల్ కావాలంటే నీళ్లు కావాలి, ఈస్టు కావాలి, కొన్ని రోజులు పులియాలి. అప్పుడు

C6H12O6 → 2 C2H5OH + 2 CO2

అనే చర్య జరుగుతుంది. సారా కావాలంటే దాన్ని మళ్లీ బట్టీ పెట్టి దించాలి. లడ్డుకు వాడేది ఎండిన పువ్వు, పైగా వేయించినది. నీళ్లు లేవు, పులియబెట్టడం లేదు. ద్రాక్షపండునుంచి సారాయి వస్తుందని ఎండుద్రాక్షను ఎవరూ మద్యం అనరు గదా! ఈ పోలికే నాకు అన్నిటికన్నా పనికొచ్చింది. అవతలి ఉద్యోగి ఏ దేశంవాడైనా ఎండుద్రాక్ష తెలియకుండా ఉండదు.

అదృష్టవశాత్తు డబ్బామీద లేబులు ఉంది. అందులో వాడిన పదార్థాల జాబితా, ఆహార భద్రత సంస్థ ఇచ్చిన పధ్నాలుగు అంకెల రిజిస్ట్రేషను సంఖ్య ఉన్నాయి. ఆ లేబులు దగ్గరినుంచి స్పష్టంగా ఫోటో తీశాం.

రెండో అర్జీ

మొదటి పునఃపరిశీలన అయిపోయింది గనుక ఆ బటను మళ్లీ పనిచెయ్యలేదు. వేదికవారి వ్యాపార సహాయ విభాగానికి రాశాం. రాసింది సులువైన ఇంగ్లీషులో. దాని తెలుగు ఇది:

"విషయం: ప్రకటనల ఖాతా సంఖ్య (ఇక్కడ సంఖ్య), 2024 మే 8న మద్యం నిబంధన కింద నిలిపివేత, మనిషిచేత పరిశీలన కోసం అభ్యర్థన.

మా ఖాతాను మద్యం ప్రకటన కారణంగా నిలిపివేశారు. మేము మద్యం అమ్మము. ప్రకటనలోని వస్తువు ఎండిన ఇప్పపువ్వుతో చేసిన మిఠాయి. పదార్థాల జాబితా, ఆహార రిజిస్ట్రేషను సంఖ్య ఉన్న లేబులు ఫోటో జతచేశాము (జత 1).

పొరపాటుకు కారణం ఇది కావచ్చు. మహువా పువ్వును పులియబెట్టి మద్యం చేస్తారు, కాని పువ్వు మద్యం కాదు. ద్రాక్షనుంచి మద్యం వచ్చినా ఎండుద్రాక్ష మిఠాయి మద్యం కానట్టే ఇదీ. మా ప్రకటనలో 'మత్తెక్కించే' అనే మాట రుచిని పొగడడానికి వాడాము. బొమ్మలోని సీసాలో ఉన్నది తేనె. ఈ రెండూ అపార్థానికి తావిచ్చాయని గ్రహించాము.

తిరస్కరించిన ప్రకటనను మే 6, 8 తేదీల మధ్య చిన్న మార్పులతో నాలుగుసార్లు పెట్టాము. పునఃపరిశీలన కోరవలసి ఉండగా అలా చేయడం మా పొరపాటు. నాలుగింటి సంఖ్యలు జత 2లో ఉన్నాయి.

మేము కోరేది: 1. జత 1 చూసి, వస్తువు మద్యం కాదని నిర్ణయించి ఖాతాను పునరుద్ధరించండి. 2. అలా కుదరకపోతే, ఏ ప్రకటనలోని ఏ అంశం ఏ నిబంధనకు విరుద్ధమో తెలపండి. ఆ మాట, ఆ బొమ్మ లేని కొత్త ప్రకటన నమూనా జత 3లో ఉంది."

ఇంతే. దీంట్లో పిన్ని కష్టం లేదు, కోపం లేదు. పిన్నికి చదివి వినిపిస్తే, "మరి మా బాధ ఎక్కడ రాసినవ్?" అని అడిగింది. రాయలేదు పిన్నీ అన్నాను. కాసేపు ఊరుకుని, "సరేలే, యార్డుల బస్తా తూకమేసేటోడికి మన అప్పు చెబితే కాంటా మారుతదా" అంది. నేను పేజీలకు పేజీలు రాసి చెప్పలేని సంగతిని పిన్ని ఒక్క వాక్యంలో చెప్పింది.

వాక్యాల వరస గమనించండి. మొదటి నాలుగు వాక్యాల్లోనే ఆరోపణ, ఖండన, వస్తువు, రుజువు వచ్చేశాయి. ఉద్యోగి అక్కడ ఆగిపోయినా మన కేసు చెప్పడం పూర్తయింది. కోరిక రెండు మెట్లుగా ఉంది. మొదటిది ఇవ్వలేకపోతే రెండోదైనా ఇవ్వక తప్పదు. రెండోది, అంటే కారణం, చేతికొస్తే తర్వాతి మెట్టు ఎక్కడానికి అదే ఆధారం.

మా జిల్లా ఏది?

రెండు రోజులకు జవాబు వచ్చింది. ఖాతా యజమాని గుర్తింపు పత్రం పంపమన్నారు. పిన్ని ఆధార్ పంపాం. వివరాలు సరిపోలేదని తిప్పి పంపారు.

ఇక్కడ మన ప్రాంతం చరిత్ర అడ్డం వచ్చింది. పిన్ని ఆధార్ కార్డు పాతది, అందులో "ఖమ్మం జిల్లా, ఆంధ్రప్రదేశ్" అని ఉంది. ఖాతాలో తమ్ముడు "భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, తెలంగాణ" అని నింపాడు. ఊరు కదల్లేదు. 2014 జూన్ 2న రాష్ట్రం మారింది, 2016 అక్టోబరు 11న జిల్లా మారింది. యంత్రానికి మాత్రం ఇవి రెండు రాష్ట్రాల్లో ఉన్న ఇద్దరు మనుషులు. గోదావరి వెంబడి ఊళ్లవాళ్లకు ఇది ఇంకా చిక్కు. పోలవరం కారణంగా 2014లో కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంటే, దానికి ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రలో ఉంది. పేరు సంగతీ అంతే. ఆధార్‌లో ఇంటిపేరు ముందు ఉంటుంది, ఫారములో చివర అడుగుతారు.

దీనికి మందు వాదన కాదు. ఒకటి, ఖాతాలోని పేరునూ చిరునామానూ పత్రంలో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా ఉంచడం. రెండు, అది కుదరనిచోట ఒక్క వాక్యం రాయడం: "ఇదే గ్రామం 2014 వరకు ఆంధ్రప్రదేశ్‌లో, 2016 వరకు ఖమ్మం జిల్లాలో ఉండేది, పిన్‌కోడు రెండు పత్రాల్లోనూ ఒకటే." పిన్‌కోడు మారకపోవడమే మాకు ఆధారమైంది. ఈ లోపల ఆధార్ చిరునామా మార్పుకు కూడా దరఖాస్తు పెట్టించాం.

తలుపు మూస్తే ఇంకో తలుపు

వారం గడిచినా ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు చట్టం చూపిన దారి పట్టాం. మన దేశంలో 2021లో వచ్చిన ఐ.టి. నిబంధనల ప్రకారం ఇట్లాంటి వేదిక ప్రతిదీ ఒక ఫిర్యాదుల అధికారిని నియమించి, ఆయన పేరు, సంప్రదించే విధానం తన సైటులో కనపడేట్టు పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలపాలి. పరిష్కరించడానికి మేము రాసినప్పుడు 15 రోజుల గడువు ఉంది. సవరణలతో ఈ గడువులు మారుతుంటాయి గనుక మీరు రాసే రోజున ఎంతుందో చూసుకోండి. ఫిర్యాదు అంటే ఎవరో పెట్టిన చెడ్డ బొమ్మ మీద చేసేది మాత్రమే కాదు. ఆ వేదిక కంప్యూటరు వనరుకు సంబంధించిన ఇతర విషయాలు కూడా అందులోకి వస్తాయని నిర్వచనంలోనే ఉంది.

మే 24న అదే అర్జీని, పైన పాత తేదీలు నాలుగు చేర్చి, ఫిర్యాదుల అధికారికి పంపాం. మరునాటికి అందినట్టు సంఖ్య వచ్చింది. ఈ సంఖ్య చాలా విలువైనది. అధికారి జవాబు నచ్చకపోతే పైమెట్టు ఉంది. 2022 అక్టోబరు సవరణతో వచ్చి, 2023 జనవరిలో కేంద్రం ఏర్పాటు చేసిన ఫిర్యాదుల అప్పీలు కమిటీలు అవి. అధికారి జవాబు అందిన 30 రోజుల లోపల gac.gov.in లో అప్పీలు పెట్టుకోవచ్చు. వేదికవారికి ముందు రాయకుండా నేరుగా అక్కడికి పోతే లాభం లేదు. మన దగ్గర తేదీలూ సంఖ్యలూ ఉంటేనే అక్కడ నిలబడగలం.

ఈ మధ్యలో ఒక హెచ్చరిక. తమ్ముడు తన గోడు ఎక్కడో బహిరంగంగా రాసుకున్నాడు. గంటలో ముగ్గురు, "మాకు లోపల మనుషులున్నారు, మూడు వేలిస్తే ఖాతా తెప్పిస్తాం, ఫోనుకు వచ్చే ఓ.టి.పి. చెప్పండి" అని వచ్చారు. ఓ.టి.పి. చెప్పి ఉంటే ఖాతాతోపాటు పేజీ కూడా పోయేది. బాధలో ఉన్నవాడి చుట్టూ ఇట్లాంటివాళ్లు మూగుతారు.

జూన్ 5న జవాబు వచ్చింది. రెండు వాక్యాలు. మళ్లీ పరిశీలించామని, ఖాతా పునరుద్ధరించామని ఉంది. ఎవరు పొరపడ్డారో లేదు. పోయిన నాలుగు వారాల సంగతి లేదు. పాత ప్రకటన మాత్రం తిరస్కరించినట్టే ఉంది. అది న్యాయమే, ఆ మత్తు మాట ఇంకా అందులోనే ఉంది గదా. జత 3లోని కొత్త ప్రకటనను పెట్టాం. సీసా లేదు, మత్తు లేదు. "ఎండు ఇప్పపువ్వు, నువ్వులు, పల్లీలు, బెల్లం: మద్యం కాదు, మిఠాయి" అని ఉంది. అది నిలిచింది.

అయితే ఏ జవాబులూ రాని ఆ వారాల్లో వానలు వచ్చేశాయి. నలభై కిలోల్లో ఆరు కిలోల పువ్వు బూజుపట్టి పారబోశాం. గూడెం వాళ్ల డబ్బు పత్తి విత్తనాలకని దాచినదాంట్లోంచి సర్ది, ఆలస్యంగా కట్టాం. అర్జీ ఖాతాను తెచ్చింది గాని ఆ ఆరు కిలోలను తేలేదు. ఉత్తరం ఎంత బాగా రాసినా దానికి ఉన్న హద్దు అది. అందుకే ఈ యేడు పిన్ని వాళ్లు కొనేవాళ్ల ఫోను నంబర్లన్నీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకున్నారు. ప్రకటన ఆగినా ఫోను చేయవచ్చునని వాళ్ల ఆలోచన.

తమ్ముడు మాత్రం ఇప్పుడు ప్రకటన రాస్తే పంపేముందు పిన్నికి చదివి వినిపిస్తున్నాడు. మొన్న "అడవి తల్లి అమృతం" అని రాశాడట. "అమృతం అంటే రోగాలు తగ్గుతాయని అనుకుంటారేమో, లడ్డు అని రాయరా" అందట పిన్ని.